గోల్డ్ ఈటీఎఫ్ కొనేవారికి హెచ్చరిక: మార్కెట్ ధర వేరు, యూనిట్‌లోని బంగారం విలువ వేరు

2025 ఏప్రిల్ 30, అక్షయ తృతీయ. ఉదయం తొమ్మిదింబావుకు మార్కెట్ తెరుచుకున్న నిమిషంలోపే నేను ఒక గోల్డ్ ఈటీఎఫ్‌లో 2,000 యూనిట్లు కొన్నాను. బంగారాన్ని నిల్వ ఉంచి, దాని విలువకు తగ్గ యూనిట్లను షేర్లలా ఎక్స్ఛేంజీలో కొని అమ్ముకునే వీలిచ్చే ఫండు అది. నగల దుకాణానికి వెళితే తరుగు, మజూరీ కింద పోయే సొమ్ము ఇక్కడ మిగులుతుందన్నదే నా ఆలోచన. సాయంత్రం వచ్చిన కాంట్రాక్ట్ నోట్‌లో సగటు కొనుగోలు ధర యూనిట్‌కు 96 రూపాయల 27 పైసలని ఉంది. నేను కొన్న సమయానికి ఒక్కో యూనిట్ వెనుక ఉన్న బంగారం విలువ 92 రూపాయల 40 పైసలు మాత్రమే. మొత్తం మీద 1,84,800 రూపాయల బంగారానికి, బ్రోకరేజీ కాకుండానే, 1,92,535 రూపాయలు కట్టాను. తరుగు తప్పించుకోవాలని వెళ్లి, రెండు గంటల్లో మాయమైపోయిన ప్రీమియం కింద, అంటే అసలు విలువ మీద అదనంగా, 7,735 రూపాయలు పోగొట్టుకున్నాను. ఉదయం పదకొండున్నరకు అదే యూనిట్ 92 రూపాయల 60 పైసలకు దొరుకుతోంది.

ఇందులో ఎవరూ నన్ను మోసం చేయలేదు. బ్రోకరు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, మీరు మార్కెట్ ఆర్డర్ పెట్టారు, అది నిబంధనల ప్రకారమే పూర్తయింది అన్నారు. ఆ మాట నిజమే. అందుకే నా నిర్లక్ష్యం ఎక్కడుందో, ఈ రెండు ధరల మధ్య తేడా ఎందుకు వస్తుందో వివరంగా రాస్తున్నాను.

మొదట ఆ రోజు జరిగింది చూడండి. నేను ఎంచుకున్నది పెద్దగా లావాదేవీలు జరగని చిన్న ఫండు. నిర్వహణ ఖర్చు మిగతావాటి కంటే ఏడాదికి 0.3 శాతం తక్కువని దాన్ని ఎంచుకున్నాను. మార్కెట్ తెరవగానే అమ్మకందారుల వరుసలో 92.70 దగ్గర 150 యూనిట్లు, 93.90 దగ్గర 400, 96 దగ్గర 600 ఉన్నాయి. ఆ తరువాత ఉన్నది ఏకంగా 98.20. నా ఆర్డరు "ఏ ధరకైనా సరే, 2,000 కావాలి" అన్నట్టుగా వెళ్లింది కాబట్టి, మొదటి మూడు మెట్లనూ మింగేసి, మిగిలిన 850 యూనిట్లను 98.20కే తీసుకుంది. తెర మీద కనిపించిన 92.70 కేవలం మొదటి 150 యూనిట్ల ధర అన్న సంగతి నేను గమనించలేదు. ఇంతకూ ఆ 0.3 శాతం ఆదాతో ఈ నష్టం పూడాలంటే సుమారు పద్నాలుగేళ్లు పడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గోల్డ్ ఈటీఎఫ్ యూనిట్‌కు రెండు ధరలుంటాయి. ఒకటి ఫండు దగ్గరున్న బంగారాన్ని లెక్కగట్టి, ఖర్చులు తీసి, యూనిట్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే విలువ, అంటే ఎన్ఏవీ. రెండోది ఎక్స్ఛేంజీలో కొనేవాడికీ అమ్మేవాడికీ కుదిరిన ధర. మొదటిది బంగారం రేటును బట్టి నడుస్తుంది. రెండోది ఆ నిమిషంలో ఎంతమంది కొంటున్నారు, ఎంతమంది అమ్ముతున్నారు అన్నదాన్ని బట్టి నడుస్తుంది. ఎక్స్ఛేంజీలో మనం కొనేది ఫండు దగ్గర కాదు, అప్పటికే యూనిట్లు ఉన్న మరొకరి దగ్గర. అక్షయ తృతీయ ఉదయం నాలాంటి వాళ్లందరూ ఒకేసారి కొనడానికి వచ్చి, అమ్మేవాళ్లు పలచగా ఉంటే, బంగారం రేటు పైసా కదలకపోయినా యూనిట్ ధర పెరిగిపోతుంది.

ఈ రెండు ధరలనూ దగ్గరగా ఉంచే బాధ్యత మార్కెట్ మేకర్లది. ప్రతి ఈటీఎఫ్‌కూ కనీసం ఇద్దరు మార్కెట్ మేకర్లను నియమించాలని సెబీ నిబంధన. వాళ్లు ఫండుతో నేరుగా వ్యవహరించగలరు. ఒక కిలో బంగారం గానీ దానికి సరిపడే నగదు గానీ ఇచ్చి, దాదాపు లక్ష యూనిట్లను కొత్తగా పుట్టించుకోగలరు. లేదా అన్ని యూనిట్లనూ తిరిగి ఇచ్చేసి బంగారమో డబ్బో తీసుకోగలరు. యూనిట్ ధర బంగారం విలువ కంటే పైకి వెళ్తే కొత్త యూనిట్లు తెచ్చి అమ్ముతారు, ధర దిగుతుంది. కిందికి పోతే మార్కెట్లో చౌకగా కొని ఫండుకు తిరిగి ఇస్తారు, ధర పైకి వస్తుంది. వాళ్ల లాభాపేక్షే మనకు రక్షణ.

అయితే ఈ రక్షణకు హద్దులున్నాయి. నా ఆర్డరునే తీసుకోండి. నా దగ్గర అదనంగా వసూలైంది 7,735 రూపాయలు. అంత మాత్రానికి ఎవరూ 92 లక్షల రూపాయల కిలో బంగారం సర్ది, కొత్త యూనిట్లు పుట్టించరు. మార్కెట్ మేకరు తన దగ్గర నిల్వ ఉన్న యూనిట్లను అమ్మకానికి పెట్టినప్పుడే ఇలాంటి చిన్న ఎగుడుదిగుళ్లు సర్దుకుంటాయి. అతను కూడా సరుకుల ఎక్స్ఛేంజీ ఎంసీఎక్స్‌లో ముందు తేదీకి బంగారం కొనే ఒప్పందాలైన ఫ్యూచర్స్ ఎక్కడ నిలబడుతున్నాయో చూసుకుని, తన నష్టభయానికి అటు కొంత, ఇటు కొంత కలుపుకుని ధర చెబుతాడు. మార్కెట్ తెరిచిన మొదటి నిమిషాల్లో, బంగారం అటూ ఇటూ ఊగిపోతున్న రోజుల్లో, ఆ కలుపుకునే మొత్తం పెరుగుతుంది. నేను కొన్న నిమిషంలో అతని ధర ఇంకా వరుసలోకే రాలేదని నా అనుమానం.

ప్రీమియం రోజుల తరబడి నిలిచిపోయే సందర్భాలూ ఉన్నాయి. 2025 అక్టోబరులో వెండి విషయంలో అదే జరిగింది. అసలు లోహమే దొరకక, కొత్త యూనిట్లు పుట్టించడం కష్టమై, సిల్వర్ ఈటీఎఫ్‌లు గణనీయమైన ప్రీమియం మీద నడిచాయి. కొన్ని ఫండ్ సంస్థలు సిల్వర్ ఈటీఎఫ్ యూనిట్లను కొనే సిల్వర్ ఫండ్ ఆఫ్ ఫండ్స్‌లో ఏకమొత్తంగా పెట్టే డబ్బును కొంతకాలం తీసుకోవడం మానేశాయి. డీమ్యాట్ ఖాతా లేనివాళ్లు ఫండ్ ఆఫ్ ఫండ్స్ ద్వారా వెళితే ఈ బెడద ఉండదని చాలామంది నమ్ముతారు. ఆ ఫండు కూడా చివరికి ఈటీఎఫ్ యూనిట్లనే కొంటుంది, వాటిని ఎక్స్ఛేంజీ ముగింపు ధరతోనే లెక్కగడుతుంది. ప్రీమియం దారి మారుతుందే తప్ప తప్పిపోదు.

ఇక్కడ ఒక పొరపాటు గురించి చెప్పాలి, ఎందుకంటే మా బావగారు ఇదే పొరపాటుతో నాతో వాదించారు. కనిపించే తేడా అంతా ప్రీమియం కాదు. ఫండు వెబ్‌సైటులో ఉదయం కనిపించే ఎన్ఏవీ నిన్నటిది. నేను కొన్ననాటి పద్ధతి ప్రకారం దాన్ని లండన్ బులియన్ మార్కెట్ ఉదయపు ధర ఆధారంగా, రూపాయల్లోకి మార్చి, దిగుమతి సుంకం వగైరా కలిపి లెక్కగట్టేవారు. లండన్‌లో ఆ ధర నిర్ణయమయ్యే ఉదయం పదిన్నర అంటే వేసవిలో మనకు మధ్యాహ్నం మూడు గంటలు. ఆ తరువాత రాత్రంతా న్యూయార్క్‌లో బంగారం రెండు శాతం పెరిగితే, మర్నాడు ఉదయం యూనిట్ ధర కూడా నిన్నటి ఎన్ఏవీ కంటే రెండు శాతం ఎక్కువగా కనిపించడం న్యాయమే. అది ప్రీమియం కాదు, కొత్త రేటు. దీనికి తలకిందుల ఉదాహరణ 2024 జూలై 23. ఆ రోజు బడ్జెట్‌లో బంగారం మీద సుంకాన్ని మొత్తంగా 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించారు. ప్రకటన వెలువడగానే ఎక్స్ఛేంజీలో యూనిట్ల ధర పడిపోయింది. ముందురోజు ఎన్ఏవీ పక్కన పెట్టి చూసినవాళ్లకు అది భారీ డిస్కౌంట్‌లా కనిపించింది. నిజానికి ఆ ఎన్ఏవీలో పాత సుంకం కలిసి ఉంది, మార్కెట్ ధరలో అది లేదు. చౌకగా దొరుకుతోందని ఆ పూట ఎగబడినవాళ్లకు దొరికింది చౌక కాదు, మారిన రేటే.

నగల దుకాణం బోర్డు మీది గ్రాము రేటుతో పోల్చడమూ సరికాదు. యూనిట్ అంటే గ్రాములో నూరో వంతు అని మొదట్లో చెప్పినా, ఏటా ఖర్చుల కోసం ఫండులో కొంత బంగారం అమ్ముడవుతూ ఉంటుంది. కాబట్టి పాత ఫండు యూనిట్‌లో నూరో వంతు కంటే తక్కువే మిగిలి ఉంటుంది. అందుకే ఒక ఫండు 80 రూపాయలకూ మరొకటి 95 రూపాయలకూ కనిపిస్తే, మొదటిది చౌక అనుకోకూడదు.

పోల్చవలసింది తెర మీద iNAV అని కనిపించే సంఖ్యతో. మార్కెట్ నడుస్తున్నంతసేపు అప్పటి విలువను చూపడానికి ఉద్దేశించిన సంఖ్య అది. ఫండు సంస్థ వెబ్‌సైటులోనూ, ఎక్స్ఛేంజీ వెబ్‌సైటులోనూ ఉంటుంది. నా బ్రోకరు యాప్‌లో మాత్రం అది ఎక్కడా కనిపించలేదు. పక్కన మరో కిటికీ తెరిచి చూసుకోవలసిందే. అయితే దాని పక్కన సమయం కూడా చూడండి. బంగారం ఫండ్ల విషయంలో ఈ సంఖ్య కదలకుండా నిలిచి ఉండే అవకాశం ఉంది. ఉదయం ఒకసారి వేసి వదిలేసిన సంఖ్య అయితే, అది నిన్నటి ఎన్ఏవీ కంటే పెద్దగా మేలు కాదు. అప్పుడు ఎంసీఎక్స్ బంగారం నిన్నటికీ ఇప్పటికీ ఎంత శాతం కదిలిందో చూసి, నిన్నటి ఎన్ఏవీకి అంత కలుపుకోవాలి, లేదా తీసేసుకోవాలి. లెక్క ఉజ్జాయింపే అయినా, నాలుగు శాతం తేడా ఉంటే తప్పక బయటపడుతుంది.

నష్టం జరిగాక ఫండు సంస్థ దగ్గరికి వెళ్దామనుకునేవారికి ఒక మాట. 25 కోట్ల రూపాయలకు మించిన లావాదేవీ అయితే తప్ప పెట్టుబడిదారుడు ఫండుతో నేరుగా యూనిట్లు కొనలేడు, అమ్మలేడు. చిన్న పెట్టుబడిదారులకు ఇచ్చిన మినహాయింపు అమ్మకానికే పరిమితం. ఉదాహరణకు యూనిట్ ధర వరుసగా ఏడు ట్రేడింగ్ రోజులు రోజు ముగింపు ఎన్ఏవీ కంటే ఒక శాతానికి మించిన డిస్కౌంట్‌లో నడిస్తే, ఎగ్జిట్ లోడ్ అనే నిష్క్రమణ రుసుము లేకుండా ఫండుకే తిరిగి ఇచ్చేయవచ్చు. మూడు ట్రేడింగ్ రోజులు వరుసగా కొనేవాడే లేకపోయినా అంతే. ప్రీమియం కట్టి కొన్నవాడికి ఇలాంటి ఊరట ఏదీ నాకు కనబడలేదు.

ఆ తరువాత మళ్లీ కొన్నప్పుడు మార్కెట్ తెరిచిన గంటన్నర దాకా ఆగాను. iNAV చూసి, దాని మీద పది పైసలు మాత్రమే ఎక్కువ వేసి, 500 యూనిట్లకు అంతకు మించి ఇవ్వనని లిమిట్ ఆర్డర్ పెట్టాను. 320 యూనిట్లు వచ్చాయి. మిగిలిన 180 ఆ ధరకు ఎవరూ ఇవ్వలేదు, మూడున్నరకు ఆర్డరు దానంతటదే రద్దయింది. మర్నాడు మళ్లీ పెడితే, ముందురోజు కంటే నాలుగు పైసలు తక్కువకు వచ్చాయి.