డెబిట్ కార్డుతో హోటల్లో దిగేవాళ్లకు హెచ్చరిక: బిల్లు కట్టేసినా హోల్డ్ పోకపోవచ్చు

హోటల్లో దిగేటప్పుడు గానీ, మనమే కార్డు పెట్టి పెట్రోలు పోసుకునే పంపు దగ్గర గానీ డెబిట్ కార్డు వాడే అలవాటు ఉన్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి. ఈ మధ్య ఒక హోటల్లో బిల్లు మొత్తం కట్టి బయటికొచ్చాక కూడా నా ఖాతాలో పెద్ద మొత్తం ఇరుక్కుపోయింది. ఆ డబ్బు హోటల్ తీసుకోలేదు, అలాగని నేను వాడుకోవడానికీ వీల్లేదు. దానివల్ల ఆటోమేటిగ్గా కట్ అవ్వాల్సిన ఇంటి అద్దె, బ్యాలెన్స్ చాలక ఆగిపోయింది. మోసం జరిగిందేమోనని టెన్షన్ పడ్డాను గానీ, ఆరా తీస్తే తేలింది వేరు. హోటల్ కౌంటర్లో మెషిన్ మీద ఒక తప్పు బటన్ నొక్కారు, అంతే.

ముందు హోల్డ్ అంటే ఏమిటో చూద్దాం. చివరి బిల్లు ఎంతవుతుందో ముందే తెలియని చోట, అమ్మేవాళ్లు మన బ్యాంకును "ఈ కార్డు మీద ఇంత డబ్బు ఉందా, ఉంటే పక్కన పెట్టండి" అని అడుగుతారు. దీన్నే ప్రీ ఆథరైజేషన్ అంటారు. బ్యాంకు ఒప్పుకుంటే ఆరు అక్షరాల అప్రూవల్ కోడ్ పంపి, ఆ మొత్తాన్ని మనం వాడుకోగల బ్యాలెన్స్ నుంచి తగ్గిస్తుంది. డబ్బు మాత్రం ఖాతా దాటి బయటికి పోదు. తర్వాత అసలు బిల్లు అదే కోడ్‌తో వస్తే, బ్యాంకు రెండింటినీ జతచేసి, బిల్లు మొత్తం తీసుకుని మిగతాది వదిలేస్తుంది. కథంతా ఆ జత కుదరడం మీదే ఉంది.

పంపు దగ్గర ఇది చాలావరకు దానంతటదే జరుగుతుంది. కార్డు పెట్టగానే పంపుకు మీరు ఎంత పోసుకుంటారో తెలియదు కాబట్టి, ముందే పెట్టుకున్న ఒక గరిష్ఠ మొత్తాన్ని అడుగుతుంది. అది 100 అనుకోండి. మీరు 35కి పోసుకున్నా మొదటి మెసేజ్ 100 అనే రావచ్చు. కొన్ని పంపులు కార్డు పనిచేస్తుందో లేదో చూడటానికి 1 మాత్రమే అడుగుతాయి. ఏదైనా పోయడం అయ్యాక పంపు 35 అని అసలు లెక్క పంపుతుంది. కొన్ని బ్యాంకులు ఆ కబురు అందిన వెంటనే హోల్డ్ సరిచేస్తాయి, కొన్ని లావాదేవీ సెటిల్ అయ్యేదాకా ఆగుతాయి. ఆ మధ్యలో మీ ఖాతాలో 65 తక్కువ కనిపిస్తుంది. నెలాఖరులో బ్యాలెన్స్ అంతంతమాత్రంగా ఉన్నవాళ్లకు ఈ కాస్త సమయమే ఇబ్బంది. లోపల కౌంటర్లో మనిషికి డబ్బు కడితే మాత్రం సరిగ్గా పోసుకున్నంతే కట్ అవుతుంది. 

హోటల్ సంగతి వేరు. అక్కడ హోల్డ్ పెద్దది, రోజుల తరబడి ఉంటుంది, ముగించాల్సింది మెషిన్ కాదు, కౌంటర్లో ఉన్న మనిషి. నాకు జరిగింది గుండ్రని అంకెల్లో చెబుతాను, ఏ కరెన్సీ అయినా లెక్క ఒకటే.

ఖాతాలో 700 ఉంది. గది రాత్రికి 100, మూడు రాత్రులు. భోజనం, లాండ్రీ లాంటి పైఖర్చుల కోసం రాత్రికి ఇంకో 50 కలిపి మొత్తం 450 హోల్డ్ పెట్టారు. ఇక నేను వాడుకోగలిగింది 250. ఖాళీ చేసే రోజు బిల్లు గదికి 300, రెస్టారెంటుకు 40, వెరసి 340. కౌంటర్లో చేయాల్సింది పాత హోల్డ్‌నే తెరిచి 340కి ముగించడం. మెషిన్లో దాని పేరు సాధారణంగా COMPLETION అని ఉంటుంది. అలా చేసుంటే 110 విడుదలై నాకు 360 మిగిలేది. కానీ అతను SALE నొక్కి 340 కొత్త లావాదేవీగా పెట్టాడు. వాడుకోగలిగింది 250 మాత్రమే కాబట్టి బ్యాంకు తిరస్కరించింది. "మీ కార్డు పనిచేయడం లేదు, వేరే కార్డు ఉందా?" అన్నాడు. ఇచ్చాను, బిల్లు కట్టేశాను. పాత 450కి జత కావాల్సిన బిల్లు ఇంకెప్పటికీ రాదు. బ్యాంకుకు మాత్రం ఆ సంగతి తెలియదు, బిల్లు వస్తుందనే అది ఎదురుచూస్తూ ఉంటుంది.

ఖాతాలో 1000 ఉండి ఉంటే ఇంకో రకంగా దెబ్బ తగిలేది. SALE కూడా ఆమోదం పొందేది, 450 హోల్డ్‌తో పాటు 340 కట్ అయి, వాడుకోవడానికి 210 మాత్రమే మిగిలేది. రెండుసార్లు డబ్బు తీసుకున్నారని చాలామంది గొడవపడేది ఈ సందర్భంలోనే.

ఇలాంటి అనాథ హోల్డ్ గడువు తీరితే దానంతటదే పోతుంది. ఆ గడువు మీ బ్యాంకును బట్టి ఉంటుంది. హోటళ్ల విషయంలో వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్కులు దాదాపు నెల దాకా కూడా హోల్డ్‌ను అనుమతిస్తాయి, అందుకే రెండు రోజుల్లో పోతుందని నమ్ముకోకండి. క్రెడిట్ కార్డు మీద హోల్డ్ పడితే తగ్గేది లిమిట్ మాత్రమే. డెబిట్ కార్డులో ఇరుక్కునేది మన సొంత డబ్బు. మీ దగ్గర రెండూ ఉంటే దిగేటప్పుడు క్రెడిట్ కార్డే ఇవ్వండి.

ఇంకో అపోహ కూడా చూశాను. హోల్డ్ ఎంత పెట్టారో అంతకు మించి తీసుకోలేరని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. ఉండే రోజులు పెరిగితే హోటల్ ఇంకో మొత్తాన్ని హోల్డ్‌కు కలపవచ్చు. గది ఖాళీ చేశాక లెక్కలోకొచ్చిన మినీబార్ ఖర్చు లాంటివి తర్వాత విడిగా వేయవచ్చు. వాటికి బిల్లు చూపించమని అడిగే హక్కు మీకుంది. వేరే దేశపు కరెన్సీ అయితే, ఒక్క పైసా అదనపు ఖర్చు లేకపోయినా అంకె మారుతుంది. హోల్డ్ ఆ రోజు రేటు ప్రకారం పడుతుంది, చివరి బిల్లు అది బ్యాంకుకు చేరిన రోజు రేటు ప్రకారం పడుతుంది.

దిగేటప్పుడు "హోల్డ్ మొత్తం ఎంత?" అని నోటితో అడిగి, PRE-AUTH అని ఉన్న స్లిప్పు దాచుకోండి. ఖాళీ చేసేటప్పుడు "దిగినప్పుడు పెట్టిన హోల్డ్ మీదే ముగించండి" అని చెప్పి, చివరి స్లిప్పులో అప్రూవల్ కోడ్ పాతదేనా అని పోల్చి చూడండి. కోడ్ కొత్తది అయినా, మీరు వేరే కార్డుతో గానీ నగదుతో గానీ కట్టినా, పాత హోల్డ్‌ను అక్కడికక్కడే రద్దు చేయించి, ఆ రద్దు స్లిప్పు తీసుకునే కౌంటర్ వదలండి.

ఇప్పటికే ఇరుక్కుపోయి ఉంటే ముందు బ్యాంకుకు ఫోన్ చేసి లాభం తక్కువ. నేను అడిగితే "హోటల్ నుంచి రిలీజ్ రావాలి" అన్నారు, హోటల్‌ను అడిగితే "మీ బ్యాంకే వదలాలి" అన్నారు. చివరికి పని జరిగింది ఇలా: హోటల్ అకౌంట్స్ విభాగానికి హోల్డ్ తేదీ, మొత్తం, కార్డు చివరి నాలుగు అంకెలు, అప్రూవల్ కోడ్, వేరే కార్డుతో కట్టిన రసీదు మెయిల్ చేసి, హోల్డ్ అవసరం లేదని రాసిన లెటర్ అడిగాను. అది బ్యాంకుకు పంపాక హోల్డ్ తీసేశారు. పూర్తి కార్డు నంబరు మాత్రం ఏ మెయిల్లోనూ రాయకండి, చివరి నాలుగు అంకెలు, అప్రూవల్ కోడ్ ఉంటే వాళ్లకు వెతకడానికి చాలు.