రోడ్డు చావు కేసులో 106 మేలా, 105 మేలా?

రోడ్డు మీద మనిషి పోయాడంటే స్టేషన్ దగ్గర మొదలయ్యే గొడవ ముందుగా సెక్షన్ గురించే. ఎఫ్ఐఆర్‌లో ఐపీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్‌లోని 106(1) రాశారు, డ్రైవర్‌కి స్టేషన్ బెయిలిచ్చి పంపేశారు అని తెలియగానే ఇంటోళ్ల కడుపు రగిలిపోద్ది, 105 పెట్టండి సార్ అని పట్టుబడతారు. ఆ కోపం న్యాయమే. కానీ పెద్ద సెక్షన్ రాయించినంత మాత్రాన కేసు గట్టిపడదు, అక్కడే చాలామంది దెబ్బతింటారు.

106(1) అంటే ర్యాష్‌గానో మరీ అజాగ్రత్తగానో చేసిన పని వల్ల మనిషి పోవడం, పాత ఐపీసీ 304ఏ. అప్పుడు గరిష్ఠంగా రెండేళ్లు, 2024 జులై 1 నుంచి అయిదేళ్ల దాకా జైలు, జరిమానా. ఇది బెయిలబుల్. 105 అంటే పాత 304, అందులో చంపాలని ఉద్దేశం లేకపోయినా ఇట్టా చేస్తే ప్రాణం పోవచ్చని తెలిసీ చేసినోడికి పదేళ్ల దాకా పడొచ్చు, బెయిల్ కోర్టే ఇవ్వాలి, విచారణ సెషన్స్‌లో. ఈ రెండిటికీ కింద ఇంకో మెట్టుంది, మామూలు అజాగ్రత్త, దానికి నష్టపరిహారం వస్తది గానీ జైలు రాదు.

ఒక కేసు ఊహించుకోండి. చీమకుర్తిలో గ్రానైట్ బ్లాకు ఎక్కించుకున్న లారీ ఒంగోలు మీదుగా కృష్ణపట్నం పోర్టుకి పోతా ఉంది, తెల్లారుజామున కావలి దాటినాక ఒక ఊరి క్రాసింగ్ దగ్గర స్కూటర్ మీద పోయే మనిషిని గుద్దేసింది, అతను అక్కడికక్కడే పోయాడు.

డ్రైవర్ తన లేన్లోనే వస్తున్నాడు, స్కూటర్ డివైడర్ సందులోంచి ఒక్కసారిగా అడ్డమొచ్చింది, బ్రేకు కొట్టిన టైర్ల గీతలు రోడ్డు మీద ఉన్నాయి అనుకుందాం. సాక్షి వచ్చి "చాలా స్పీడుగా వచ్చినాడు సార్" అని మాత్రమే చెప్తే సరిపోదు. 1998లో కర్ణాటక ప్రభుత్వం, సతీష్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, స్పీడు ఒక్కటే ర్యాష్ అనడానికి చాలదు, ఎంత స్పీడు, ఆ చోట అది ఎందుకు తప్పు అన్నది ప్రాసిక్యూషన్ చూపించాలి. ఇట్టాంటి కేసు 106లో కూడా నిలబడటం కష్టం.

అదే డ్రైవర్ ఫోన్ మాట్లాడతా, క్రాసింగ్ బోర్డు కనపడినా స్లో చెయ్యకుండా వచ్చాడనుకోండి, కాల్ రికార్డు టైమూ యాక్సిడెంట్ టైమూ కలిశాయి, టైర్ల గీతలే లేవు. జాగ్రత్త గల డ్రైవర్ ఎవరూ అట్టా చెయ్యరు, ఇది శుభ్రంగా 106(1).

ఇప్పుడు మూడోది. ఒంగోలు దాటేటప్పటికే క్లీనర్ "అన్నా, ఎయిర్ దిగిపోతా ఉంది, బ్రేకు పట్టట్లేదు" అన్నాడు, తాగున్న డ్రైవరేమో "పోర్టుకి పోయినాక చూద్దాంలేరా" అని అంత బరువుతో జనం తిరిగే క్రాసింగ్‌లోకి తోలాడు. ప్రమాదం ముందే తెలుసు, తెలిసీ ఆగలేదు. 105 అడగాల్సింది ఇక్కడ. 2006లో ముంబై కార్టర్ రోడ్డులో తాగి కారు తోలి ఏడుగురి ప్రాణాలు తీసిన అలిస్టర్ పెరీరా కేసులో సుప్రీంకోర్టు 2012లో పాత 304లో ఆ తెలిసీ చేసినోడి సంగతి చెప్పే రెండో భాగం కింద శిక్షనే నిలబెట్టింది, అయితే అక్కడ కూడా పడింది మూడేళ్లే.

అందుకని నా మాట ఏందంటే, ముందే తెలుసు అనడానికి సాక్ష్యం చేతిలో ఉంటే 105, లేకపోతే 106(1) గట్టిగా రాయించుకోవడమే మేలు. గుద్దినాక ఎంత ఘోరం జరిగిందన్నది 105ని నిలబెట్టదు, గుద్దకముందు వాడికేం తెలుసన్నదే నిలబెడతది. కాబట్టి సెక్షన్ నంబర్ మీద అరిచే ముందు డ్రైవర్‌కి బ్లడ్ టెస్టు చేయించారా అని అడగండి, గంటలు గడిచేకొద్దీ రక్తంలో మందు తగ్గిపోతది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూసేదాకా దాన్ని కదిలించొద్దని చెప్పండి, క్లీనర్ స్టేట్‌మెంట్ అదే రోజు రాయించండి, రెండ్రోజులాగితే ఓనర్ మనుషులు మాట్లాడేసి ఉంటారు. టోల్‌గేటు సీసీ ఫుటేజీ కూడా అప్పుడే అడగాలి.

ఇంకొకటి, క్రిమినల్ కేసు పోతే పరిహారం కూడా పోతదని భయపడి చిన్న మొత్తానికి రాజీ పడేవాళ్లున్నారు, అది తప్పు. శిక్ష పడాలంటే అనుమానానికి తావు లేకుండా రుజువు కావాలి, పరిహారం తేల్చే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో అయితే అజాగ్రత్త జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని తేలితే చాలు. 1980లో ఎన్.కె.వి. బ్రదర్స్ బస్సు కేసులో డ్రైవర్ నిర్దోషిగా బయటపడినా పరిహారం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. పైన చెప్పిన మొదటి లారీ కేసులో కూడా, డ్రైవర్ తప్పు కొంతైనా తేలితే, స్కూటర్ తప్పు వాటా తీసేసి మిగతాది ఇంటోళ్లకి ఇప్పించే వీలుంటది, కాబట్టి ఆ క్లెయిమ్‌ని క్రిమినల్ కేసు తీర్పు కోసం ఆపి పెట్టుకోవద్దు.