పద్నాలుగు నెలల తరువాత: పది లక్షల స్కోరు ఫోన్‌తో నా అనుభవం

మాది పర్లాకిమిడి. కిందటేడు గేమింగ్ ఫోన్ కొన్నప్పుడు పెట్టె మీద నేను చూసింది ఒక్కటే, ఫోన్ వేగాన్ని కొలిచే అంటుటు యాప్‌లో స్కోరు పది లక్షలు దాటిందన్న మాట. మా బావ అదే వారం తక్కువ స్కోరున్న ఫోను, ఏడు వేలు తక్కువకి కొన్నాడు. అప్పుడు పొరపాటు చేశాడనుకున్నాను.

మే నెలలో తేడా తెలిసింది. మధ్యాహ్నం ఇద్దరం కలిసి బీజీఎంఐ ఆడుతుంటే, మొదటి మ్యాచ్ నాది వెన్నలా సాగింది. రెండో మ్యాచ్ సగంలో, ఎదురుగా జనం దిగిన చోట, తెర తడబడడం మొదలైంది. కెమెరా పక్కన వేలు పెట్టలేనంత వేడి. బావ ఫోన్ మాత్రం మొదట ఎలా ఉందో అలాగే ఉంది.

ఆ సాయంత్రం రెండు ఫోన్లలోనూ గ్రాఫిక్స్ సత్తా కొలిచే 3DMark యాప్ వేసి Wild Life Stress Test నడిపాం. ఇది ఒకే దృశ్యాన్ని నిమిషం చొప్పున ఇరవైసార్లు ఆడించి, ప్రతిసారీ స్కోరు రాస్తుంది. నాది మొదట 8,900, చివరికి 4,600. బావది 6,300 దగ్గర మొదలై 6,100 దగ్గర ఆగింది. ఈ పరీక్షలో స్కోరును 167తో భాగిస్తే సెకనుకి సగటు ఫ్రేములొస్తాయి. అంటే నాది 53 నుంచి 28కి పడిపోయింది, బావది 37 దగ్గరే నిలబడింది. గేములో ఇవే అంకెలు రావు గానీ, పడిపోయే తీరు ఇదే. చిప్ వేడెక్కితే తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పెట్టె మీది స్కోరు మాత్రం చల్లగా ఉన్న ఫోన్ కొద్ది నిమిషాల్లో తెచ్చుకున్నది. పైగా అందులో గ్రాఫిక్స్‌తో పాటు ప్రాసెసరు, మెమరీ మార్కులు కూడా కలిసి ఉంటాయి. గేముకి చూడాల్సింది విడిగా చూపించే GPU మార్కు, అంటే గ్రాఫిక్స్ మార్కు. అదీ రెండు ఫోన్లకూ ఒకే అంటుటు వెర్షన్‌లోదై ఉండాలి, వెర్షన్ మారితే లెక్కే మారిపోతుంది.

అన్నిటికన్నా తక్కువ స్కోరు, అన్నిటికన్నా ఎక్కువ స్కోరులో ఎంత వంతో చెప్పే Stability శాతం ఒక్కటే చూసినా మోసపోతాం. నాది 51.7, బావది 96.8. కానీ నీరసమైన చిప్ ఉన్న చవక ఫోనుకి 99 రావడం మామూలే, అది వేడెక్కేంత పనే చేయదు. అందుకే నేనిప్పుడు చూసేది Lowest loop score, అంటే ఇరవైసార్లలో అన్నిటికన్నా తక్కువ వచ్చిన స్కోరు.

స్పెక్ షీట్లో నన్ను పడేసిన ఇంకో మాట 120 హెర్ట్జ్. అది తెర సెకనుకి ఎన్నిసార్లు మారగలదన్న సంగతి. గేము ఎన్ని ఫ్రేములివ్వాలో ఫోన్ మోడల్ని బట్టి గేమే తేలుస్తుంది. నా ఫోన్లో బీజీఎంఐ ఫ్రేమ్ రేట్ సెట్టింగ్ Extreme దాకానే ఉంది, అంటే సెకనుకి 60 ఫ్రేములు. కొట్టులో ఎవరూ చెప్పలేదు. కొనేముందు అదే మోడల్ వాడేవాళ్ల దగ్గర గేము సెట్టింగ్స్ తెరిపించి చూసుంటే తెలిసిపోయేది.

ఇప్పుడు వెనక కవరు తీసేసి, చార్జింగ్ పెట్టకుండా, ఫ్యాన్ కింద ఆడుతున్నాను. ఇలా మళ్లీ పరీక్షిస్తే చివరి స్కోరు 5,300కి వచ్చింది. బావ ఫోన్‌ను ఇంకా అందుకోలేదు.