దక్షిణావర్త శంఖం ఫొటో చూసి కొంటున్నారా? నోటి లోపలి ఫొటో రాకుండా డబ్బు పంపకండి

మార్గశిరం వస్తోంది. కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి వెళ్లొచ్చి, ఇంట్లో ఒక దక్షిణావర్త శంఖం పెట్టుకుందామని చాలామందికి అనిపించే రోజులివి. వాట్సాప్‌లో ఫొటోలు పంపి శంఖాలు అమ్మేవాళ్ల దగ్గర కొనేముందు ఇది ఒకసారి చదవండి.

మా బావగారు మధురవాడలో కొత్త ఇంటి గృహప్రవేశానికని ఒక అమ్మకందారు దగ్గర 22,000 రూపాయలకి శంఖం కొన్నారు. ఆ అమ్మకందారు పంపింది మూడు ఫొటోలు. మొదటిది ఎర్ర పట్టుగుడ్డ మీద, పసుపు బల్బు వెలుగులో, వీపు వైపు నుంచి. రెండోది అరచేతిలో పెట్టుకుని బాగా దగ్గర నుంచి తీసింది, వెనకాల ఒక స్కేలు కూడా ఉంది. మూడోది నోరు వైపు నుంచి ఫ్లాష్ వేసి తీసింది. అందులో నోరంతా తెల్లటి మెరుపు తప్ప ఇంకేమీ కనబడదు. చూడ్డానికి అన్నీ అందమైన ఫొటోలే. ఆ వస్తువు ఏమిటో చెప్పగలిగిన ఫొటో మాత్రం వాటిలో ఒక్కటీ లేదు.

ఇంటికొచ్చింది తొమ్మిది అంగుళాలని చెప్పిన శంఖం కాదు, ఆరున్నర అంగుళాలది. చేతిలో పట్టుకుంటే తేలిగ్గా ఉంది. అనుమానం వచ్చి నేను బాల్కనీలో పగటి వెలుతురులో మళ్లీ ఫొటోలు తీసి, నత్తలూ గుల్లల మీద పనిచేసిన ఒక రిటైర్డ్ లెక్చరర్‌గారికి పంపాను. మిగతావాటి గురించి ఆయన ఏమీ అనలేదు. నోటి లోపలి ఫొటో చూసి మాత్రం, "ఇది మన శంఖం కాదమ్మా, అమెరికా గుల్ల" అన్నారు.

సంగతి ఏమిటంటే, మన పూజాశంఖం టర్బినెల్లా పైరమ్ అనే సముద్రపు నత్త గుల్ల. మన్నారు సింధుశాఖలో, తూత్తుకుడి, రామేశ్వరం వైపు తరతరాలుగా తీస్తున్నది ఇదే. ఈ జాతిలో దాదాపు అన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి. ఎదురు తిరిగినది దొరకడం చాలా అరుదు, దాన్నే దక్షిణావర్తం అంటాం, అందుకే అంత ధర. అమెరికా తూర్పు తీరంలో, మెక్సికో సింధుశాఖలో లైట్నింగ్ వెల్క్ అని వేరే గుల్ల ఒకటుంది. అది పుట్టుకతోనే ఎదురు తిరిగి పెరుగుతుంది, అక్కడ అదేమీ అరుదు కాదు. పైన ఉండే గోధుమరంగు చారలూ భుజం మీది బొడిపెలూ అరగదీసి పాలిష్ పెడితే, వీపు వైపు నుంచి రెండూ తెల్లటి శంఖాలే. మా బావగారు ఫోన్ చేస్తే ఆ అమ్మకందారు, "నోరు కుడివైపు ఉందా లేదా? నేనేం అబద్ధం చెప్పాను?" అన్నాడు. నోరు కుడివైపే ఉంది మరి. అందుకే తిరిగిన వైపు ఒక్కటే చూసుకుంటే సరిపోదు.

తేడా తెలిసేది నోటి లోపల. మన శంఖం నోట్లోకి చూస్తే, చుట్లకి ఇరుసులా ఉండే మధ్య కాడ మీద మూడో నాలుగో గట్టి గట్లు బోల్టు మీద మరల్లా అడ్డంగా తిరుగుతూ లోపలికి పోతాయి. లైట్నింగ్ వెల్క్‌కి అలాంటి గట్లు ఉండవు, కాడ నున్నగా ఉంటుంది. పైన ఎంత పాలిష్ పెట్టినా ఈ గట్లు పోవు, ఎందుకంటే అవి గుల్ల లోపలికంటా సాగి ఉంటాయి. కాబట్టి అమ్మేవాళ్లని ముందు అడగాల్సిన ఫొటో ఇదే.

ఈ ఫొటో తీసే పద్ధతి కూడా చెప్తాను, లేకపోతే వాళ్లు మళ్లీ ఆ మెరుపు ఫొటోనే పంపుతారు. శంఖాన్ని పడుకోబెట్టి నోరు పైకి ఉంచాలి. కెమెరా నోటికి నిట్టనిలువుగా పైన ఉంటే కాడ సగం దాక్కుంటుంది. అందుకని కెమెరాని నోటి బయటి పెదవి వైపు కొంచెం జరిపి, అక్కడి నుంచి కాడ వైపుకి చూస్తూ తీయాలి. ఫ్లాష్ వద్దు. ఫ్లాష్ వెలుగు కెమెరా ఉన్న చోటి నుంచే వస్తుంది కాబట్టి గట్ల నీడలు వాటి వెనకే దాక్కుంటాయి. పైగా పింగాణీలా మెరిసే గుల్ల కాబట్టి ఒక తెల్ల మచ్చ పడి అసలు చోటే కనబడకుండా పోతుంది. వెలుగు శంఖం పొడుగు వెంబడి, సన్నటి తోక కొస వైపు నుంచి గానీ, చుట్లు మొదలయ్యే మొన వైపు నుంచి గానీ, కిందిగా ఏటవాలుగా పడాలి. గట్లు అడ్డంగా ఉంటాయి కాబట్టి, పొడుగు వెంబడి పడే వెలుగుకి ఒక్కోదాని వెనక ఒక్కో నీడ గీత వస్తుంది. అదే వెలుగు పక్క నుంచి వస్తే గట్ల వెంబడే పారిపోతుంది, ఉన్న గట్లు కూడా లేనట్టే అనిపిస్తాయి. ఇంకో ఫోన్ టార్చికి పల్చటి తెల్ల కాగితం అడ్డం పెట్టి పట్టుకున్నా చాలు.

మిగతా ఫొటోలకి టార్చి కూడా అక్కర్లేదు. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, లేదా బాల్కనీ నీడలో తీస్తే బాగుంటుంది. మన ఊళ్లో మబ్బు పట్టిన ఉదయాలు దీనికి చాలా బాగుంటాయి. పసుపు బల్బు కింద కొత్త గుల్ల కూడా పాతబడిన దంతం రంగులో కనిపిస్తుంది, "తాతలనాటిది" అని చెప్పడానికి అది వాళ్లకి పనికొస్తుంది. ఎర్ర పట్టుగుడ్డ రంగు మెరిసే గుల్ల మీద ప్రతిఫలించి లేత గులాబీ ఛాయ తెస్తుంది. తెల్ల గుడ్డ మీద పెడితే ఫోన్ ఫొటో మొత్తాన్ని చీకటి చేసేస్తుంది, నల్ల గుడ్డ మీదైతే గుల్ల తెల్లగా పేలిపోయి గీతలు పోతాయి. అట్టపెట్టె లోపలి వైపు, మెరుపు లేని ఆ మట్టిరంగు, అన్నిటికంటే మేలు.

ఇక ఎటు తిరిగిందన్న సంగతి. పూజలో లెక్క ప్రకారం సన్నటి తోక కొస పైకి, నోరు మనవైపు పెట్టి చూస్తాం. అప్పుడు నోరు కుడివైపు ఉంటే దక్షిణావర్తం. గుల్లల శాస్త్రం చదివినవాళ్లు తలకిందులుగా, మొన పైకి పెట్టి చూస్తారు. అప్పుడు అదే శంఖానికి నోరు ఎడమవైపు కనబడుతుంది. ఫొటోలో శంఖం ఎలా పెట్టారో చూసుకోకుండా కుడి, ఎడమ అని వాదించుకుంటే తేలదు. ఈ గందరగోళం లేని కోణం ఒకటుంది: మొన మీదికి నిట్టనిలువుగా పై నుంచి తీసిన ఫొటో. మొన దగ్గర మొదలుపెట్టి చుట్టు బయటికి ఎటు పోతుందో వేలితో గీయండి. గడియారం ముళ్లు తిరిగే వైపే పోతే మామూలు శంఖం, ఎదురు పోతే దక్షిణావర్తం. ఫోన్ ఎటు తిప్పి చూసినా ఈ లెక్క మారదు.

ఒక్కదానికి మాత్రం మారుతుంది. ఫొటోని అద్దంలో బొమ్మలా తిప్పేస్తే మామూలు శంఖం కూడా దక్షిణావర్తం అయిపోతుంది. కొన్ని ఫోన్లలో ముందు కెమెరా తనంతట తనే అలా తిప్పి దాచుకుంటుంది, ఎడిటింగ్‌లో అయితే ఒక్క నొక్కు చాలు. మా బావగారికి ఈ మోసం జరగలేదు గానీ, తర్వాత ఇంకొకరు అమ్మజూపిన శంఖం ఫొటోలో గోడ మీది క్యాలెండర్ అంకెలు తిరగబడి ఉండటం నేను చూశాను. అందుకే శంఖం పక్కన ఆ రోజు పేపర్ పెట్టించండి. అక్షరాలు సరిగ్గా చదవగలిగితే బొమ్మ తిరగబడలేదన్నమాట. పేపర్‌ని విడిగా అతికించారేమోనని అనుమానముంటే వీడియో అడగండి. పేపర్ మీదే శంఖాన్ని తిప్పుతూ నోరు, వీపు, మొన ఆపకుండా ఒకే వీడియోలో చూపించాలి.

తొమ్మిది అంగుళాలు ఆరున్నర ఎలా అయిందో చూడండి. ఆ అరచేతి ఫొటోలో శంఖం కెమెరాకి బాగా దగ్గరగా, ఇరవై సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. స్కేలు దానికి ఎనిమిది సెంటీమీటర్లు వెనకాల ఉంది. స్కేలు ఇరవై ఎనిమిది దగ్గర, శంఖం ఇరవై దగ్గర. అంటే స్కేలుతో పోలిస్తే శంఖం 1.4 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. ఆరున్నరని 1.4తో గుణిస్తే తొమ్మిది దాటుతుంది. స్కేలు అబద్ధం కాదు, అది ఉన్న చోటు అబద్ధం. అదే అమరికని మీటరు దూరం నుంచి జూమ్ చేసి తీస్తే తేడా ఎనిమిది శాతానికి తగ్గుతుంది. స్కేలుని కూడా శంఖం మధ్య ఎత్తుకి, కింద అగ్గిపెట్టెలు గానీ పుస్తకాలు గానీ పెట్టి లేపితే ఆ కాస్త కూడా ఉండదు. స్టీలు స్కేలు మొత్తం, సున్నా నుంచి చివరి వరకు, ఫొటోలో పడాలి. స్కేలు లేదంటే పది రూపాయల బిళ్ల పెట్టమనండి, దాని అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు. రూపాయి బిళ్ల వద్దు, ఒక్కో కాలంలో ఒక్కో సైజులో వచ్చింది. అరచేయి అసలే వద్దు.

ఫొటో చెప్పలేని సంగతులు కూడా ఉన్నాయి. బరువు తెలియదు. మన శంఖం మందంగా, సైజుకి మించి బరువుగా ఉంటుంది కాబట్టి, కాటా మీద పెట్టి అంకె కనబడేలా ఒక ఫొటో తీయించుకోండి. అచ్చులో పోసిన నకిలీకి గట్లు కూడా దిగిపోతాయి. అలాంటి దాన్ని పట్టుకోవాలంటే ఏటవాలు వెలుగులో వీపు మీద అచ్చు అతుకు గీత, సన్నటి గాలి బుడగల గుంటలు వెతకాలి. అది కూడా మంచి ఫొటో ఉంటేనే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగి ఈ చిన్న గుర్తులే ముందు పోతాయి, అందుకని డాక్యుమెంట్‌గా పంపమనండి. ఇన్ని చూసినా ఫొటోతో నూటికి నూరు తేలుతుందని నేను చెప్పను. ఖరీదు వేలల్లో ఉంటే, తెలిసినవాళ్లు చేత్తో పట్టుకుని చూశాకే డబ్బు కట్టండి.

మా బావగారి డబ్బు ఇంకా తిరిగి రాలేదు. ఆ మూడు ఫొటోలూ, నేను తీసినవీ, చాట్ మొత్తం దాచి ఉంచాం, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు పెట్టాం. మీ దగ్గర కూడా ఇలాంటి ఫొటోలు ఉంటే చెరిపేయకండి. బేరం మధ్యలో ఉంటే మాత్రం ఈ రోజే నోటి లోపలి ఫొటో అడగండి. "అలా తీస్తే పవిత్రత పోతుంది" అని మా బావగారితో అన్నట్టే మీతోనూ అంటే, అడ్వాన్సు కూడా ఇవ్వకండి.