"ఫీజు సున్నా" అంటే నమ్మేయకండి, చేతికి ఎంత వచ్చిందో లెక్క చూసుకోండి

విదేశీ క్లయింట్లకు పనిచేసే ఫ్రీలాన్సర్లూ, "ట్రాన్స్‌ఫర్ ఫీజు లేదు" అన్న ఒక్క మాట చూసి పేమెంట్ యాప్ ఎంచుకోకండి. నేను వాడిన యాప్ ఏం చేసిందో చెప్తాను.

ఇన్‌వాయిస్ 1000 డాలర్లు, క్లయింట్ పైసా తగ్గకుండా కట్టాడు, రసీదులో ఫీజు దగ్గర 0 అనే ఉంది. లెక్క సులువుగా ఉండటానికి ఆ సమయంలో మార్కెట్లో డాలరుకి మన కరెన్సీలో 100 పలుకుతోంది అనుకోండి. యాప్ కట్టిన రేటు 97. లక్ష రావాల్సింది 97,000 వచ్చింది. ఆ 3,000 రసీదులో ఏ వరుసలోనూ కనిపించదు, ఎందుకంటే దాన్ని రేటులోనే కలిపేశారు. సపోర్ట్‌ని గట్టిగా అడిగితే "రేటు మా నిబంధనల ప్రకారమే" అన్నారు, అంతే.

ఇంకోటి, డబ్బు శుక్రవారం రాత్రి వచ్చింది. శని, ఆదివారాలు కరెన్సీ మార్కెట్ ఉండదు కాబట్టి సోమవారం రేటు మారితే తమకు నష్టం రాకుండా కొన్ని సంస్థలు ఆ రెండు రోజులూ రేటులో కోసుకునే మార్జిన్ పెంచుతాయి. పైగా ముందు స్క్రీన్ మీద చూపించేది చాలాసార్లు అంచనా రేటే, అసలు రేటు విత్‌డ్రా ప్రాసెస్ అయ్యే నిమిషంలో పడుతుంది. సెట్టింగ్స్‌లో ఆటో కన్వర్షన్ ఉంటే ముందు ఆపేయండి, డాలర్లు అలాగే ఉంచుకోవడానికి మీ దేశం నిబంధనలు ఒప్పుకుంటే వారం మధ్యలో మార్చుకోండి. అయితే రేటు పెరుగుతుందని నెలల తరబడి ఆపుకోవడం మాత్రం వద్దు, అది జూదం.

అలాగని బ్యాంక్ వైర్ ఎప్పుడూ మేలని కాదు. చార్జీలు SHA, అంటే పంపేవాళ్లూ అందుకునేవాళ్లూ పంచుకోవాలి అని ఉంటే దారిలో ఉన్న మధ్యవర్తి బ్యాంకు కూడా కొంత కోసుకోవచ్చు. 20 డాలర్లు పోయి, మన బ్యాంకు 99 రేటు ఇచ్చిందనుకోండి: 1000 డాలర్లకు చేతికొచ్చేది 97,020, అంటే దాదాపు యాప్‌తో సమానం. అదే 200 డాలర్ల బిల్లయితే వైర్‌లో 17,820, యాప్‌లో 19,400. 5000 అయితే వైర్‌లో 4,93,020, యాప్‌లో 4,85,000. చిన్న బిల్లుల్ని స్థిరమైన చార్జీ తినేస్తుంది, పెద్ద బిల్లుల్ని శాతం తినేస్తుంది. వైర్ చార్జీలు క్లయింటే భరించాలంటే OUR పెట్టమని ఇన్‌వాయిస్‌లోనే రాయండి, అయినా తక్కువ వస్తే క్లయింట్‌ని వాళ్ల బ్యాంకు ఇచ్చే బదిలీ వివరాల పత్రం, అంటే స్విఫ్ట్ కాపీ అడగండి, చాలావరకు ఎక్కడ కోశారో అందులో తెలుస్తుంది.

ఇప్పటికే ఏదో ఒక యాప్ వాడుతున్నవాళ్లు పాత రసీదు ఒకటి తీయండి. ఖాతాలో పడిన మొత్తాన్ని ఇన్‌వాయిస్ డాలర్లతో భాగించి, వచ్చిన అంకెను అదే రోజు అదే సమయానికి ఉన్న మార్కెట్ రేటు పక్కన పెట్టి చూడండి. తేడా 1 శాతం దాటితే తర్వాతి ఇన్‌వాయిస్ పంపకముందే ఇంకో రెండు చోట్ల రేటు అడగండి, "మొత్తం చేతికి ఎంత" అనే అడగండి, ఫీజు ఎంత అని కాదు.