చిట్టికి టీకా వేయించమని వచ్చే మెసేజ్: ఏళ్లుగా వాడుతున్నదాన్ని చెప్తున్నా

నల్గొండలో మేం చిట్టిని చూపించే పశువుల క్లినిక్ నుంచి ఏటా వర్షాలకు ముందు ఒక మెసేజ్ వస్తుంది. చిట్టి మా లాబ్రడార్. పిల్లగా ఉన్నప్పటి నుంచీ అక్కడే చూపిస్తున్నాం కాబట్టి ఆ మెసేజ్ ఎలా పనికొస్తుందో, ఎక్కడ తక్కువ పడుతుందో బాగా తెలుసు.

మెసేజ్ మొదట్లో దాదాపు ఇట్లా ఉండేది: "చిట్టికి జూన్ 14 లోపు రేబిస్, సెవెన్ ఇన్ వన్ టీకాలు వేయించండి. క్లినిక్ పొద్దున 9 నుంచి 1 దాకా, సాయంత్రం 5 నుంచి 8 దాకా. టీకాలు సాయంత్రం 7 దాకానే. ఆదివారం పొద్దున పూటే. జ్వరం, విరేచనాలు ఉంటే వచ్చే ముందు ఫోన్ చేయండి. కార్డు తెచ్చుకోండి."

నాకు బాగా నచ్చింది ఆ "7 దాకానే" అన్న మాట. ఎనిమిదింటి దాకా తెరిచి ఉండే చోట టీకా ఏడింటికే ఎందుకు ఆపుతారో చిట్టికి టీకా ఒంటికి పడనప్పుడు అర్థమైంది. ఆ రోజు పొద్దున రెండు టీకాలూ ఒకేసారి వేశారు. ఎప్పటిలాగే అరగంట కూర్చోమన్నారు. కాసేపటికే చిట్టి మొహాన్ని నేలకేసి రుద్దడం మొదలుపెట్టింది. చూస్తుండగానే పెదవులు, కనురెప్పలు ఉబ్బినయ్. డాక్టర్ సార్ వెంటనే ఇంజక్షన్ ఇచ్చి, చిగుళ్లు తెల్లబడ్డాయా, వాంతి వస్తోందా అని చూస్తూ మమ్మల్ని అక్కడే ఉంచారు. "ఇది మొహం దాకానే ఉందమ్మా. వాంతులై, చిగుళ్లు పాలిపోయి, నిలబడలేకపోతే మాత్రం ఒక్క నిమిషం ఆగొద్దు" అన్నారు. మధ్యాహ్నానికి వాపు దిగింది. అలా కాక రాత్రి తలుపులు మూసే వేళకు టీకా వేయించి, ఇంటికొచ్చాక ఇలా అయితే నల్గొండలో ఆ టైంకు ఎవరిని లేపాలి? అందుకే నేను పొద్దున పూటే తీసుకెళ్తాను. ఆ రోజంతా కాస్త మగతగా పడుకోవడం, సూది పడ్డచోట చిన్న గడ్డ కట్టడం మామూలే. వాటికి కంగారు పడను.

డాక్టర్ సార్ అప్పుడు కార్డు మీద ఎర్ర సిరాతో రాశారు. మరుసటి ఏడు నుంచి మెసేజ్‌లో రెండు తేదీలు వస్తున్నయ్. రేబిస్ ఒక రోజు, సెవెన్ ఇన్ వన్ మూడు వారాలకు. ముందుగా అలర్జీ మందు ఇచ్చి వేస్తున్నారు. మళ్లీ ఉబ్బలేదు.

సెవెన్ ఇన్ వన్ అంటే పలు రోగాలకు కలిపి వేసే ఒకే టీకా. అందులో ఏటా తప్పక వేయించాల్సింది ఎలుక జ్వరానికి పనికొచ్చే భాగం. దాని బలం ఏడాదికి మించి నమ్మలేం. పార్వో, డిస్టెంపర్ అనే రోగాలకు పనికొచ్చే భాగాల బలం పెద్ద కుక్కల్లో అంతకంటే చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది. నేను చిట్టిని ఉదయసముద్రం కట్ట మీద నడిపిస్తాను. వానలు పడ్డాక గుంటల్లో నీళ్లు నిలుస్తయ్, వాటిలో ఎలుకల మూత్రం కలుస్తుంది. ఆ నీళ్లు తాగినా, కాలి పుండుకు తగిలినా రోగం అంటుతుంది. కాలేయం, మూత్రపిండాలు పాడవుతయ్. మనుషులకూ సోకుతుంది. టీకా ఎలుక జ్వరంలోని అన్ని రకాలనూ ఆపదని సార్ ముందే చెప్పారు, కాబట్టి గుంట నీళ్లు తాగనివ్వను.

మా పక్కింటి వాళ్లు కుక్కను రెండేళ్లు తీసుకుపోలేదు. దానికి రేబిస్ ఒక్క డోసుతో సరిపోయింది కానీ, ఎలుక జ్వరానికి మాత్రం మూడు వారాల ఎడంతో రెండు డోసులు మళ్లీ మొదటి నుంచి వేయాల్సి వచ్చింది. మెసేజ్‌లో తేదీ ఉంటుందే గానీ, ఆలస్యమైతే ఏమవుతుందో ఉండదు. అది ఒక్క వాక్యం రాస్తే చాలామంది కదులుతారు.

ఇంకో లోటు, మెసేజ్ వారం ముందే వస్తుంది. నట్టల మందు టీకాకు వారం పది రోజుల ముందు వేయమంటారు కాబట్టి ఆ రోజే పరుగు పెట్టాలి. పదిహేను రోజుల ముందు పంపమని కౌంటర్లో చెప్పి వచ్చాను.

జూలై 6న, జంతువుల నుంచి మనుషులకు సోకే రోగాల గురించి జరిపే జూనోసిస్ దినం నాడు, ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. అక్కడ వేయించుకుంటే సీసా మీది స్టిక్కర్‌ను కార్డులో అంటించమని అడగండి, ఆ తర్వాత క్లినిక్‌కు చూపించండి. లేదంటే వాళ్ల దగ్గర పాత తేదీయే ఉండి, వచ్చే ఏడు మెసేజ్ తప్పు రోజుకు వస్తుంది. అక్కడ వేసేది రేబిస్ ఒక్కటే, సెవెన్ ఇన్ వన్‌కు మళ్లీ క్లినిక్‌కే పోవాలి.