అంకె కంటే దాని పక్కన ఉండే మాటే నాకు పనికొచ్చింది

మా పాపకు ఐదేళ్లు నిండాయి. తనకు ఏ కార్టూన్ పెట్టాలో తేల్చుకోవడానికి ఓటీటీలో కనిపించే వయసు రేటింగులను చాలా కాలంగా వాడుతున్నాను. U అంటే అందరూ చూడొచ్చు, U/A 7+, U/A 13+ అంటే ఆ వయసు లోపు పిల్లలు పెద్దల తోడుతో చూడాలి, అంతకంటే వాటి గురించి చెప్పను. నాకు బాగా నచ్చింది రేటింగు కింద చిన్న అక్షరాల్లో వచ్చే "fear", "threat", "language", "violence" లాంటి మాటలు.

U/A 7+ అని ఉన్న రెండు కార్టూన్లు తీసుకోండి. ఒకదాని కింద "language" మాత్రమే ఉంటుంది. పెట్టి చూస్తే అందులో ఉన్నదల్లా ఒకరినొకరు వెధవా, దద్దమ్మా అనుకోవడమే. మా వీధిలో ఇంతకంటే ఎక్కువే వినిపిస్తుంది. రెండోదాని కింద "threat" ఉంటుంది. అందులో తిట్టు ఒక్కటీ లేదు, రక్తం లేదు, కానీ చీకట్లో ఎవరో వెంటబడుతుంటారు, ఎవరన్నది కనపడదు. అది చూసిన రాత్రి పాప బాత్రూమ్‌కు ఒంటరిగా పోనంది. అంకె రెండింటికీ ఒకటే. తేడా చెప్పింది ఆ మాట. మా పాపకు తిట్లతో ఇబ్బంది లేదు, వెంటబడేవాళ్లంటే భయం. అందుకే ఇప్పుడు అంకె తర్వాత, మాట ముందు చూస్తాను. ఎపిసోడ్ మొదలైనప్పుడు మూలన వచ్చేది కొన్ని సెకన్లలో మాయమైపోతుంది. వివరాల పేజీలోనే నిదానంగా చదువుకోవడం మేలు.

ఇంతగా మెచ్చుకున్నాక చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం, బయట అనంతపురం ఎండ మండిపోతోందని, U ఉన్న జంతువుల కార్టూన్ సినిమా పెట్టాను. కింద హెచ్చరిక మాట ఒక్కటీ లేదు. ముప్పావు కథ అయ్యాక పిల్ల జంతువు తల్లి నుంచి తప్పిపోతుంది. కొట్టడం లేదు, అరుపుల్లేవు, తల్లి కోసం పిలుస్తూ తిరగడమే. పాప ఏడవలేదు, బిగుసుకుపోయి కూర్చుంది. మరుసటి రోజు బడి గేటు దగ్గర నా చున్నీ వదల్లేదు. ఆ వారమంతా "నువ్వు వస్తావు కదా?" అని అడుగుతూనే ఉంది. "పిల్లల బొమ్మే కదమ్మా, దానికేం భయం" అని మా జేజి అనేది. కానీ అది భయం కాదు, దిగులు. నేను చూసినంతలో హింసకు, తిట్లకు, భయానికి, మత్తుకు హెచ్చరిక ఉంది గానీ దిగులుకు లేదు.

ఇంకో లోటు, ఆ మాట ఎంత మోతాదో చెప్పదు, ఎక్కడో చెప్పదు. రెండు నిమిషాల "fear"కూ, అరగంట "fear"కూ ఒకే మాట. అందుకే కొత్తది పెట్టేముందు చివరి పావు భాగాన్ని ముందుకు జరిపి నేను చూసేస్తాను. పిల్లల కథల్లో గండాలు, తప్పిపోవడాలు ఎక్కువగా అక్కడే పెడతారు. తెలుగు ఆడియోలోనే చూస్తాను, ఎందుకంటే డబ్బింగులో మాటలు మారిపోతాయి.

రేటింగు ఎవరిస్తారన్నది కూడా చూసుకోవాలి. థియేటర్ సినిమాకు సెన్సార్ బోర్డు ఇస్తుంది. ఓటీటీలోనే వచ్చే సిరీస్‌కు 2021 నిబంధనల ప్రకారం ఆ సంస్థే ఇచ్చుకుంటుంది. పిల్లల లాక్ తప్పనిసరిగా ఉండాలని ఆ నిబంధనలు చెప్పేది U/A 13+, ఆపైన వాటికే. U/A 7+ కు లాక్ ఉండి తీరాలన్న రూలు లేదు. ఐదేళ్ల పిల్ల ఉన్న నాబోటి వాళ్లకు చిక్కంతా అక్కడే. కాబట్టి పాప ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో హద్దును నేనే U కి దించి, నేను చూసి సరే అనుకున్న U/A 7+ ను మాత్రం నా ప్రొఫైల్‌లో తనతో కూర్చుని పెడతాను. నా ప్రొఫైల్‌కు పిన్ పెట్టాను. జేజి ఆ పిన్ అడిగి, మరిచిపోయి, సీరియల్ పెట్టుకుంటుంది. టీవీ సీరియళ్లకు ఈ రేటింగులు లేవు, కేబుల్‌కు వేరే నియమావళి ఉంది. వాటిలో అత్త కోడలి మీద విషం ప్రయోగించే సీన్లు పాప కూర్చుని చూస్తూనే ఉంటుంది, ఆ గొడవ వేరు.

నాకు ఒక్క పిల్ల, సాయంత్రం ఐదుకల్లా ఇంట్లో ఉంటాను కాబట్టి ఇదంతా సాగుతోంది. పదేళ్ల అన్న కూడా ఉండి టీవీ ఒకటే ఉన్న ఇంట్లో U హద్దు నాలుగు రోజులు నిలవదు. అన్న నా వల్ల కాదంటాడు, హద్దు పెంచుతారు. అలాంటి ఇళ్లలో అంకెను వదిలేసి ఆ మాటలనే పట్టుకోండి, పెద్దవాడితో సహా అందరికీ చదివి వినిపించండి. మా పాప ఇప్పుడు "థ్రెట్ ఉందామ్మా?" అని తనే అడుగుతోంది, లేదంటేనే ప్లే నొక్కనిస్తుంది.